మందు ట్యాంకు తగిలించే బ్రాకెట్‌కు ఇన్‌ఫిల్ ఎంత పెట్టాలి?

గోడకు బిగించే ఏ వస్తువును త్రీడీ ప్రింట్ చేయమన్నా, అడిగేవాళ్ల నోట మొదట వచ్చేది ఒకటే ప్రశ్న: ఇన్‌ఫిల్, అంటే లోపలి నింపుడు, ఎంత శాతం? ప్రింటర్‌కు సూచనలు తయారుచేసే స్లైసర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె కంటికి ఎదురుగా ఉంటుంది కాబట్టి బలమంతా దాని చేతిలోనే ఉందనిపిస్తుంది. నా లెక్కలో మాత్రం అది చివర చూసుకోవాల్సిన అంకె. ముక్కను ప్రింటర్ బెడ్ మీద ఎలా పడుకోబెట్టాం, గోడ నుంచి ముందుకొచ్చే చెయ్యి ఎంత ఎత్తు ఉంది, చుట్టూ బయటి గోడలుగా పడే పెరిమీటర్లు ఎన్ని అన్నవి తేలాకే శాతం గురించి మాట్లాడాలి. ఎందుకో ఒక బ్రాకెట్‌ను పట్టుకుని చివరిదాకా చూద్దాం.

అనంతపురం జిల్లాలో గార్లదిన్నె వైపు చీనీ తోట ఉన్న మా బావకు మోటారు షెడ్డులో మందు కొట్టే ట్యాంకు తగిలించుకోవడానికి ఒక కొక్కెం కావాలి. బ్యాటరీతో నడిచే 16 లీటర్ల ట్యాంకు అది. ఖాళీగా ఉంటే సుమారు 6 కిలోలు. కింద పెడితే నాజిల్ పైపు ఎవరో ఒకరు తొక్కుతున్నారు. ఇనుప కొక్కేనికి చేతిపట్టీ ఒరుసుకుని తెగుతోంది. "బావా, నూరు శాతం పెట్టేయ్, ఖర్చు నాది" అన్నాడు. ఖర్చు సంగతి అలా ఉంచితే, నూరు శాతం పెట్టినా విరిగే బ్రాకెట్ చేయొచ్చు, పదిహేను శాతంతో ఏళ్ల తరబడి నిలిచేదీ చేయొచ్చు.

బరువెంతో ముందు తేల్చుకోవాలి. ఖాళీ ట్యాంకు 6 కిలోలే అయినా, తోటలో పనిచేసేవాళ్లలో ట్యాంకు ఒంపేయకుండానే తగిలించి వెళ్లేవాళ్లు తప్పకుండా ఉంటారు. సగం నీళ్లుంటే ఇంకో 8 కిలోలు కలిసి 14 అవుతుంది. దాన్నే లెక్కలోకి తీసుకుందాం. ట్యాంకు వెనక భాగం గోడకు తగలకుండా ఉండాలంటే బరువు గోడ నుంచి 100 మి.మీ. దూరంలో వేలాడాలి. 14 కిలోలంటే సుమారు 137 న్యూటన్లు. 100 మి.మీ. దూరంలో అది చెయ్యి మొదట్లో దాదాపు 13.7 న్యూటన్ మీటర్ల వంపు బలం కలిగిస్తుంది. బ్రాకెట్ తట్టుకోవాల్సింది దీన్నే.

ఈ వంపు లోపల ఏం చేస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. కొసన బరువు వేలాడితే చెయ్యి పై అంచు సాగుతుంది, కింది అంచు నొక్కుకుంటుంది. నడుమ ఒక గీత దగ్గర సాగడమూ ఉండదు, నొక్కుకోవడమూ ఉండదు. ఆ గీతకు ఎంత దూరంలో ఉంటే ప్లాస్టిక్ అంత పని చేస్తుంది. గీత దగ్గరున్న ప్లాస్టిక్ ఉత్త బరువే. ఇన్‌ఫిల్ ఉండేది సరిగ్గా ఆ నడుమనే. అంచుల్లో ఉండేవి పెరిమీటర్లు.

అలాగని ఇన్‌ఫిల్ దండగ అనుకోకూడదు. వెదురు బొంగు లోపల డొల్లే అయినా కణుపులు అడ్డుగా ఉండబట్టే నలిగిపోదు. ఇక్కడ ఇన్‌ఫిల్ పనీ అదే. కింద నొక్కుకునే అంచు లోపలికి ముడుచుకుపోకుండా ఆపడం, పై అంచునూ కింది అంచునూ కలిపి ఒకే ముక్కలా పనిచేయించడం, ప్రింట్ చేసేటప్పుడు పైపొరలు కూలిపోకుండా మోయడం. ఈ మూడింటికీ పెద్ద శాతం అక్కర్లేదు.

పెరిమీటర్లు చెయ్యి పై అంచునా కింది అంచునా పొడుగునా నడవాలంటే ముక్కను పక్కకు పడుకోబెట్టి ప్రింట్ చేయాలి. అంటే ఎల్ ఆకారం బెడ్ మీద చదునుగా పడుకుని, బ్రాకెట్ వెడల్పు ప్రింట్ ఎత్తు కావాలి. గోడకు ఆనే పలకను బెడ్ మీద పెట్టి చెయ్యి పైకి లేచేలా నిలబెడితే సపోర్టుల అవసరం ఉండదు, చూడ్డానికి కూడా అదే సహజంగా అనిపిస్తుంది. కానీ అప్పుడు ప్రతి పొరా చేతికి అడ్డంగా పడుతుంది. బరువు వేలాడినప్పుడు పై అంచులో పొర నుంచి పొర ఊడిపోయేలా లాగుడు పడుతుంది. పొరల మధ్య అతుకు ఎప్పుడూ గీత పొడుగునా ఉండే బలం కంటే తక్కువే. అలా నిలబెట్టి చేసిన ముక్కకు నూరు శాతం పెట్టినా చెయ్యి మొదట్లో బిస్కెట్ విరిగినట్టు నున్నగా విరుగుతుంది. విరిగిన చోట చదునైన, నునుపైన ముఖం కనిపిస్తే తప్పు శాతానిది కాదు, పడుకోబెట్టిన తీరుది.

ఇప్పుడు లెక్క. చెయ్యి 20 మి.మీ. వెడల్పు, 30 మి.మీ. ఎత్తు అనుకుందాం. ప్రింటర్‌కు 0.4 మి.మీ. నాజిల్ ఉంటే ఒక్కో పెరిమీటర్ 0.45 మి.మీ. మందం వస్తుంది. రెండు పక్క ముఖాలకూ 0.2 మి.మీ. పొరలు ఐదేసి, అంటే చెరో మిల్లీమీటరు. వంపును ఎదిరించే గుణానికి వాడే సూత్రం చిన్నదే:

```
I = b × h³ / 12
```

ఇందులో b వెడల్పు, h ఎత్తు. గట్టి ముక్కకు ఇది లెక్కించి, లోపలి డొల్ల భాగానిది తీసేస్తే పెంకు బలం వస్తుంది. ఇన్‌ఫిల్ వాటా కొంచెం గమ్మత్తు. గదులు గదులుగా ఉన్న పదార్థం గట్టిదనం దాని సాంద్రతతో సమానంగా పెరగదు, సుమారుగా సాంద్రత వర్గంతో పెరుగుతుంది. 40 శాతం ఇన్‌ఫిల్ గట్టి ప్లాస్టిక్‌లో 40 శాతం కాకుండా దాదాపు 16 శాతం పనే చేస్తుంది. 15 శాతమైతే రెండు శాతం పైచిలుకు. ప్యాటర్న్‌ను బట్టి, బలం వచ్చే దిశను బట్టి ఇది అటూ ఇటూ అవుతుంది కానీ, తీర్పు మారేంత కాదు.

రెండు పెరిమీటర్లు, 15 శాతం ఇన్‌ఫిల్‌తో మొదలుపెడదాం. చాలా స్లైసర్లు పెట్టి ఇచ్చే సెట్టింగ్ దాదాపు ఇదే. చెయ్యి 100 మి.మీ. పొడుగుకు పీఈటీజీ అనే ప్లాస్టిక్ సుమారు 21 గ్రాములు పడుతుంది. దీని గట్టిదనాన్ని 100 అనుకుందాం. ఇప్పుడు మా బావ మాట సగం విని ఇన్‌ఫిల్ 40 శాతానికి పెంచితే గట్టిదనం 138 అవుతుంది, ప్లాస్టిక్ 37 గ్రాములకు చేరుతుంది. ఇన్‌ఫిల్ 15 దగ్గరే ఉంచి పెరిమీటర్లు నాలుగు చేస్తే గట్టిదనం 149, ప్లాస్టిక్ 25 గ్రాములు. పదహారు గ్రాములు పోసి 38 సంపాదించిన చోట, నాలుగు గ్రాములు కూడా పోయకుండానే 49 వచ్చింది. నూరు శాతం గట్టిగా చేస్తే 76 గ్రాములు పట్టేది.

ఇంకా తమాషా ఏమిటంటే, అసలు ఆకారాన్నే ముట్టుకోవచ్చు. సూత్రంలో ఎత్తుకు ఘనం ఉంది చూశారుగా. చెయ్యి ఎత్తును 30 నుంచి 40 మి.మీ.కు పెంచి, పెరిమీటర్లు నాలుగు, ఇన్‌ఫిల్ 15 ఉంచితే ప్లాస్టిక్ 31 గ్రాములు, గట్టిదనం దాదాపు 297. అంటే మూడింతలు. 40 శాతం ఇన్‌ఫిల్ బ్రాకెట్ కంటే ఆరు గ్రాములు తక్కువతో రెట్టింపు కంటే ఎక్కువ గట్టి ముక్క. పీఈటీజీ కిలో వెయ్యి రూపాయలనుకుంటే ఆరు గ్రాములంటే ఆరు రూపాయలే, అదేం గొప్ప కాదు. గంటల లెక్కే అసలు తేడా: ఇన్‌ఫిల్ పెరిగిన కొద్దీ ప్రింట్ సమయం పెరుగుతుంది, మధ్యలో కరెంటు పోయే అవకాశమూ దాంతో పాటే పెరుగుతుంది.

ఆ 40 మి.మీ. ఎత్తు గోడ దగ్గరే కావాలి. కొస వైపు వంపు బలం తగ్గుతూ పోతుంది కాబట్టి చేతిని కింద నుంచి ఏటవాలుగా సన్నబరిచి కొసన 20 మి.మీ. చేసినా ఇబ్బంది లేదు. అప్పుడు ప్లాస్టిక్ ఇంకా తగ్గుతుంది. ట్యాంకు జారిపోకుండా కొసన చిన్న మడత ఎత్తితే చాలు.

ఇక ప్యాటర్న్, అంటే ఇన్‌ఫిల్ గీతల అల్లిక. ఇక్కడ జనం వాదించుకునేంత తేడా బ్రాకెట్ బలంలో ఉండదు, కానీ పట్టించుకోవాల్సిన విషయాలు రెండు మూడున్నాయి. మొదటిది గ్రిడ్. ఇందులో గీతలు ఒకే పొరలో ఒకదాన్నొకటి దాటుతాయి. దాటిన ప్రతిచోటా నాజిల్ అప్పటికే పోసిన ప్లాస్టిక్ మీదుగా వెళ్తుంది, అక్కడ చిన్న గుబ్బ లేస్తుంది. ప్రతి పొరలోనూ అదే చోట కలుస్తాయి కాబట్టి గుబ్బ మీద గుబ్బ పేరుకుంటుంది. ప్రింట్ అవుతుండగా టకటకమని చప్పుడు వినిపిస్తే ఇదే. పీఈటీజీ నాజిల్‌కు అంటుకునే రకం కాబట్టి ఆ గుబ్బలను ఈడ్చుకెళ్లి ఎక్కడో ఒకచోట ఉండలా వదిలేస్తుంది.

గ్రిడ్‌కు ఇంకో గుణం ఉంది, దాని గురించి ఎక్కువమంది ఆలోచించరు. అది తన గీతల దిశలో గట్టిగా ఉంటుంది, ఆ గీతలకు 45 డిగ్రీల ఏటవాలు దిశలో మెత్తగా ఉంటుంది. చేతి లోపల ఇన్‌ఫిల్ మోయాల్సిన కోత బలం ఏటవాలు దిశలోనే లాగుతుంది, నొక్కుతుంది. స్లైసర్లో మామూలుగా ఇన్‌ఫిల్ గీతలు 45 డిగ్రీల్లో ఉంటాయి. చెయ్యి బెడ్ అంచుకు సమాంతరంగా ఉంటే ఆ గీతలు వంతెనలో ఏటవాలు కమ్మీల్లా సరిగ్గా పడతాయి. బెడ్ మీద స్థలం చాలక బ్రాకెట్‌ను 45 డిగ్రీలు తిప్పి పెట్టామా, గీతలన్నీ చేతికి నిలువుగా, అడ్డంగా పడి ఆ పని చేయడం మానేస్తాయి. శాతం అదే, ప్యాటర్న్ అదే, ప్లాస్టిక్ అదే. తిప్పి పెట్టడం ఒక్కటే తేడా.

గైరాయిడ్‌కు ఈ గొడవ లేదు. ఒకే పొరలో గీతలు కలుసుకోవు, అలల్లా సాగుతూ పొర పొరకూ కొంచెం కొంచెంగా జరుగుతాయి. ఏ దిశలో నొక్కినా దాదాపు ఒకేలా బదులిస్తుంది. ఆ ఆకారాన్ని కనిపెట్టింది ప్రింటర్లవాళ్లు కాదు. నాసాలో పనిచేసిన ఆలన్ షూన్ 1970లో వర్ణించిన ఒక గణిత తలం అది. పాత ప్రింటర్ల బోర్డులకు ఆ అలల లెక్క భారమై నాజిల్ తడబడుతుంది, సమయమూ కొంచెం ఎక్కువ పడుతుంది. అలాంటి ప్రింటర్ అయితే క్యూబిక్ వాడొచ్చు. అందులోనూ గీతలు దాటుకుంటాయి గానీ, దాటే చోటు పొర పొరకూ జరిగిపోతుంది కాబట్టి గుబ్బలు ఒకేచోట పేరుకోవు. ఈ బ్రాకెట్‌కు నేను గైరాయిడ్ వాడతాను, క్యూబిక్ పెట్టినా అభ్యంతరం చెప్పను. లైట్నింగ్ మాత్రం వద్దు. ప్లాస్టిక్ బాగా ఆదా అవుతుందని కొందరు పెడుతుంటారు. అది పైపొర కూలకుండా మోసేందుకు మాత్రమే కొమ్మల్లా లేస్తుంది, మిగతా లోపలంతా ఖాళీ. బొమ్మలకు సరే, బరువు మోసేదానికి కాదు.

శాతం ఎంత కిందికి దించొచ్చు? 0.45 మి.మీ. గీతతో గ్రిడ్ 10 శాతమైతే గీతల మధ్య 9 మి.మీ. ఖాళీ వస్తుంది, 15 అయితే 6 మి.మీ. ఖాళీ 9 ఉంటే పైన పడే మొదటి పొర కిందికి కుంగి గుంతలు కనిపిస్తాయి, లోపల అంచులకు ఆధారమూ పలచబడుతుంది. అందుకే 15 దగ్గర ఆగుతాను. మోటైన వాడకం ఉన్నచోట, ట్యాంకును విసిరినట్టు తగిలించే చోట 20 పెడతాను. ఆపైన పెంచాలనిపిస్తే ఆ ప్లాస్టిక్‌ను పెరిమీటర్లకో, ఎత్తుకో మళ్లించడమే లాభం. శాతం ఎంతున్నా ఇన్‌ఫిల్ పెరిమీటర్‌కు అతుక్కోకపోతే దండగ. వేగం మరీ పెంచితే గీతలు తెగి నూలుపోగుల్లా వేలాడతాయి. సగం ప్రింట్ దగ్గర పాజ్ చేసి టార్చ్ వేసి చూడండి. అంచు దగ్గర ఇన్‌ఫిల్ కొస పెరిమీటర్‌లో కలిసిపోయి ఉండాలి. మధ్యలో సందు కనిపిస్తే ముందు ఇన్‌ఫిల్ వేగం తగ్గించాలి, శాతం జోలికి పోకూడదు.

నిజంగా గట్టిగా నింపాల్సిన చోటు ఒకటుంది: స్క్రూ రంధ్రాల చుట్టూ. గోడ పలక చేతికి పైన కొంత, కింద కొంత ఉండేలా గీసి, పై స్క్రూను పలక కింది కొనకు 100 మి.మీ. ఎత్తులో పెడితే ఆ 13.7 న్యూటన్ మీటర్ల వంపు పై స్క్రూను 137 న్యూటన్లతో, అంటే మళ్లీ 14 కిలోల బరువంత బలంతో గోడ నుంచి లాగుతుంది. ఇది పెద్దదేం కాదు. స్క్రూ బిగించేటప్పుడు మనం వేసే బలమే దీనికంటే చాలా ఎక్కువ. పలక 8 మి.మీ. మందం ఉంటే రెండు వైపులా నాలుగేసి పెరిమీటర్లు 3.6 మి.మీ. ఆక్రమిస్తాయి, నడుమ 4.4 మి.మీ. మందాన 15 శాతం ఇన్‌ఫిల్ ఉంటుంది. డ్రిల్లు మిషన్‌తో స్క్రూ దింపితే ఆ నడుమ భాగం కరకరమని నలుగుతుంది. అప్పటికి బిగుతుగానే ఉంటుంది, కొన్నాళ్లకు వదులై బ్రాకెట్ ఊగుతుంది.

దీనికి ముక్క మొత్తం నింపనక్కర్లేదు. ప్రూసాస్లైసర్‌లో ముక్క మీద రైట్ క్లిక్ చేసి `Add modifier` లో `Cylinder` ఎంచుకుని, రంధ్రం చుట్టూ 16 మి.మీ. వ్యాసంతో నిలిపి, ఆ భాగానికి మాత్రం ఇన్‌ఫిల్ 100 ఇవ్వొచ్చు. ముక్క పక్కకు పడుకుని ఉంది కాబట్టి ఆ సిలిండర్‌ను కూడా పడుకోబెట్టి రంధ్రం దిశలోకి తిప్పాలి, లేకపోతే నింపుడు వేరేచోట పడుతుంది. ఒక్కో రంధ్రానికి ఖర్చయ్యేది గ్రాము, గ్రామున్నర. తల చదునుగా ఉన్న స్క్రూ, దాని కింద వాషర్ వాడాలి. లోపలికి కూరుకుపోయే శంకు తల స్క్రూ ప్లాస్టిక్‌ను ఉలిలా చీల్చుతుంది, పైగా ముక్క పడుకున్న తీరు వల్ల ఆ చీలిక పొరల వెంబడి సులువుగా పాకుతుంది.

చెయ్యి పై అంచు పలకను కలిసే మూలను కూడా వదలకూడదు. సాగుడు బలమంతా అక్కడే చేరుతుంది. మూల పదునుగా గీస్తే పగులు అక్కడే పుడుతుంది. 8 మి.మీ. గుండ్రం ఇస్తే పెరిమీటర్లు కూడా ఆ వంకర వెంబడి తెగకుండా తిరిగి, లాగుడును చేతి నుంచి పలకకు మోసుకెళ్తాయి.

ఇన్నీ సరిగ్గా చేసి పీఎల్ఏ అనే ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తే మాత్రం పని చెడుతుంది. కర్నూలు, కడప, అనంతపురం ఎక్కడైనా మే నెలలో ఎండ 42, 43 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. రేకుల షెడ్డులో మధ్యాహ్నం పూట రేకు కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది. పీఎల్ఏ 55, 60 డిగ్రీల మధ్య మెత్తబడుతుంది. దానికి చాలా ముందే, నిత్యం బరువు వేలాడుతుంటే నెమ్మదిగా సాగుతుంది. ఆ సాగుడు ఇన్‌ఫిల్ శాతంతో ఆగేది కాదు. మెత్తబడే ప్లాస్టిక్ ఎక్కువున్నా మెత్తబడి తీరుతుంది. పీఈటీజీ దాదాపు 80 డిగ్రీల దాకా ఆగుతుంది కాబట్టి షెడ్డు లోపలికి అదే నయం. నేరుగా పడమటి ఎండ తగిలే బయటి గోడకైతే ఎండకు తట్టుకునే ఏఎస్ఏ ప్లాస్టిక్ వాడాలి.

40 మి.మీ. ఎత్తు, నాలుగు పెరిమీటర్లు, 15 శాతం గైరాయిడ్ ఉన్న మన చెయ్యిలో 14 కిలోలకు పై అంచులో వచ్చే ఒత్తిడి సుమారు 7.6 మెగాపాస్కల్. ఖాళీ ట్యాంకు రోజంతా వేలాడితే 3.3. పీఈటీజీ తెగే బలం 45, 50 మెగాపాస్కల్ దగ్గర ఉంటుంది కాబట్టి నెలల తరబడి మోయడానికి ఇది నెమ్మదైన మోతాదే. కొస వంగేది లెక్క ప్రకారం మిల్లీమీటరు కంటే తక్కువ. పలక, స్క్రూలు కూడా కొంచెం కదులుతాయి కాబట్టి నిజంగా ఇంకాస్త వంగుతుంది.

బిగించాక ట్యాంకు తగిలించే ముందు 14 లీటర్ల నీళ్లు పోసిన బకెట్‌ను కొసకు వేలాడదీసి, గోడ మీద కొస ఎత్తు దగ్గర పెన్సిల్ గీత గీయండి. వెంటనే కిందికి వంగి అక్కడే ఆగిపోతే మంచిదే. మర్నాడు పొద్దున మళ్లీ చూడాలి. కొస గీతకు ఇంకా కిందికి జారుతూ ఉంటే అది సాగుడు: చెయ్యి ఎత్తు పెంచాలి, లేదా ప్లాస్టిక్ మార్చాలి. వంగకుండా గోడ పలక పైభాగం గోడ నుంచి విడిపోయి సందు కనిపిస్తే స్క్రూ దగ్గర నలిగిందన్నమాట, లేదా గోడలో ప్లగ్ పట్టు లేదు. రాళ్లూ మట్టితో కట్టిన పాత గోడల్లో రెండోదే ఎక్కువ. సందులో పడిన ప్లగ్ ఊడొస్తుంది, దాన్ని రాయి మధ్యలోకి మార్చాలి. ముదురు రంగు పీఈటీజీ అయితే పై మూలలో తెల్లగా పాలిపోయిన గీత కోసం కూడా వెతకండి. అది కనిపిస్తే బకెట్ దించేసి, మూల గుండ్రాన్ని పెంచి మళ్లీ ప్రింట్ చేయాల్సిందే.